వాన పడిన మర్నాటి ఖాతా

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని అనంతపురంలో, జూన్‌లోనో జులైలోనో పదును వాన పడిందంటే మర్నాడు ఎరువుల అంగడి ముందు ఊరంతా ఉంటుంది. పదును ఆరేలోగా బుడ్డలు విత్తుకోవాలి. అందుకే ఈ అంగళ్ల బాకీ ఖాతాలో ఒకే తేదీ మీద పదుల మంది పేర్లుంటాయి. ఎక్సెల్‌లో ఒక్కో రైతు చివరి పద్దు తీసేటప్పుడు ఇదే చిక్కు.

ఖాతాలో A తేదీ, B ఖాతా నంబరు, D ఆనాటికి నిలిచిన బాకీ అనుకుందాం. F2లో ఖాతా నంబరు ఇస్తే, G2లో ఆ రైతు చివరి తేదీ వస్తుంది:

```
=MAXIFS($A$2:$A$500,$B$2:$B$500,F2)
```

చాలామంది ఇక్కడే తొందరపడి, ఆ తేదీ ఒక్కటే పట్టుకుని బాకీ వెతుకుతారు. ఆ రోజు అంగడికి మొదట వచ్చినవాడి బాకీ వీళ్ల లెక్కలో పడుతుంది. తప్పని చెప్పే గుర్తేదీ తెర మీద కనిపించదు. రైతు, తేదీ రెండూ కలిసిన వరసనే అడగాలి:

```
=XLOOKUP(1,($B$2:$B$500=F2)*($A$2:$A$500=G2),$D$2:$D$500,"",0,-1)
```

రెండు షరతులూ నిజమైన వరసలోనే గుణకారం 1 అవుతుంది. చివరి -1 ఉంటే వెతుకులాట కింది నుంచి మొదలవుతుంది. పొద్దున విత్తనం, సాయంత్రం డీఏపీ పట్టుకెళ్లిన మనిషికి సాయంత్రం పద్దే రావాలి కదా. పద్దులు రాసిన వరసలోనే ఉంటేనే ఇది పనిచేస్తుంది. XLOOKUP లేని 2019 ఎక్సెల్‌లో =LOOKUP(2,1/(($B$2:$B$500=F2)*($A$2:$A$500=G2)),$D$2:$D$500) వాడాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది తేదీలే. 27వ ఖాతా చూడండి. 12-06-2024న విత్తనం, బాకీ 8,400. 05-07-2024న కలుపు మందు, 11,250. 18-07-2024న జిప్సం, 15,150. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మొదటి పద్దు డిసెంబరు 6 అవుతుంది, రెండోది మే 7 అవుతుంది. పద్దెనిమిదో నెల లేదు కాబట్టి మూడోది ఉత్త అక్షరాలుగా మిగులుతుంది, MAXIFS దాన్ని లెక్కలోకే తీసుకోదు. జవాబు 8,400. రైతు ఇవ్వాల్సింది 15,150.

పట్టుకోవడం సులువే. అక్షరాలుగా మిగిలిన తేదీ గడిలో ఎడమకు ఒదిగి ఉంటుంది, అసలు తేదీ కుడికి జరుగుతుంది. తేదీల కాలమ్‌ని dd-mmm-yyyyకి మారిస్తే, ఇంకా రాని డిసెంబరు జులై నెలలోనే కనిపిస్తుంది. అలా కనిపిస్తే, విండోస్ ప్రాంతాన్ని ఇండియాకి మార్చి ఆ తేదీలన్నీ ఖాతా పుస్తకం చూసి మళ్లీ ఎక్కించాలి. ఒకసారి డిసెంబరుగా మారిన జూన్, సెట్టింగు మార్చినంత మాత్రాన వెనక్కి రాదు.