తిరగేసి చూస్తే తెలిసే కుట్టు

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల బొటీక్‌లలో కుట్టించిన డ్రెస్సులను తిరగేసి చూస్తే చాలావాటిలో అంచుల వెంట ఓవర్‌లాక్ కనిపిస్తుంది. కాస్త మందమైన కాటన్‌కీ, లైనింగ్ వేసినవాటికీ అది చాలు. చిక్కల్లా మే నెల ఎండకు భయపడి లైనింగ్ వద్దనుకున్నప్పుడు వస్తుంది. ఆర్గంజా, షిఫాన్, పల్చటి మల్‌మల్ లాంటి గుడ్డలకు లోపలా బయటా తేడా లేదు. ఓవర్‌లాక్ దారాల అల్లిక పక్కకుట్టు పొడవునా బయటికి కనిపిస్తూనే ఉంటుంది.

అలాంటి గుడ్డకు ఫ్రెంచ్ సీమ్ కావాలి. ఇందులో కోసిన అంచు పూర్తిగా కుట్టు లోపలికి వెళ్లిపోతుంది. పని మాత్రం అలవాటుకు తలకిందులుగా మొదలవుతుంది. కుట్టుకు అర అంగుళం వదిలి కత్తిరించాక, గుడ్డ మంచి వైపులు బయటికి ఉండేలా రెండు ముక్కలూ కలిపి, అంచుకు పావు అంగుళం దూరంలో మొదటి కుట్టు వేస్తారు. చూసేవాళ్లు తిరగేసి కుట్టారేమో అనుకుంటారు. తర్వాత ఆ అంచును సగానికి, అంటే అంగుళంలో ఎనిమిదో వంతుకు కత్తిరించి, ఇస్త్రీ చేసి, ఈసారి మంచి వైపులు లోపలికి వచ్చేలా తిప్పి మళ్లీ పావు అంగుళంలో రెండో కుట్టు వేస్తారు. రెండు పావులూ కలిసి మొదట వదిలిన అర అంగుళం సరిపోతుంది.

ఇందులో బద్ధకించే చోటు మధ్యలో ఉన్న కత్తిరింపు. అది సరిగ్గా చేయకపోతే మొదటి అంచు పోగులు రెండో కుట్టును దాటి బయటికి మీసాల్లా పొడుచుకొస్తాయి. ఆర్గంజాలో అయితే మరీ స్పష్టంగా కనిపిస్తాయి. ఒకసారి వచ్చాక పైనుంచి కత్తిరించినా లాభం లేదు, ఉతుకులో మరో నాలుగు పోగులు వస్తాయి. పూర్తయిన కుట్టును వెలుగుకు ఎత్తి చూడాలి. వెడల్పు మారని ఒకే ముదురు గీత కనిపిస్తే పని బాగున్నట్టు. సూది 9 లేదా 11 నంబరుది వాడాలి. మొదట్లో గుడ్డను మిషన్ లోపలికి లాగేస్తుంటే కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయొచ్చు.

ఈ కుట్టుకు హద్దులున్నాయి. ఒంటికి బిగుతుగా పట్టే చోట పల్చటి గుడ్డ కుట్టు పక్కనే పోగులు జరిగి విడిపోతుంది. అది గుడ్డ బలహీనత, ఎంత చక్కగా మడిచినా ఆగదు. అందుకే షిఫాన్ కుర్తా వదులుగా కత్తిరించాలి. చంక వంపు లోతుగా ఉంటే మడత ముడతలు పడుతుంది. అక్కడ అంచును ఇంకా సన్నగా కత్తిరించి నెమ్మదిగా కుట్టాలి.

ఇదే కుట్టును ఖద్దరు చొక్కాకు వేస్తే నిలబడి ఉండే గట్టు ఒకటి తయారై నడుం పక్కన ఒరుసుకుంటుంది. పైగా లాగినప్పుడు బరువంతా రెండో కుట్టు మీదే పడుతుంది. చొక్కాకు ఫ్లాట్ ఫెల్డ్ సీమ్ సరైనది. మంచి వైపులు లోపలికి పెట్టి అర అంగుళంలో కుట్టాక, ఒక వైపు అంచును పావు అంగుళం లోపుకు కత్తిరిస్తారు. రెండో వైపు వెడల్పు అంచును దాని మీదుగా లోపలికి మడిచి, మొత్తాన్ని గుడ్డకు ఆనించి ఇస్త్రీ చేసి, మడత అంచు పక్కనే పైకుట్టు వేస్తారు. గట్టు పడుకుంటుంది, బరువును రెండు కుట్లూ పంచుకుంటాయి. చాలా జీన్సుల్లో కాళ్ల మధ్య కనిపించే జంట కుట్ల వరస ఈ జాతిదే.

మంగళగిరి కాటన్‌తో పొడుగు చేతుల చొక్కా కుట్టాలనుకోండి. పక్కలు ఇంకా తెరిచి ఉండగానే చేతిని భుజానికి కలిపి ఆ కుట్టును పడుకోబెట్టాలి. ఆ తర్వాతే చేతి అంచు నుంచి చొక్కా కింది అంచు దాకా ఒకే పొడుగు కుట్టు వేయాలి. పైకుట్టు వేసేటప్పుడు చెయ్యి గొట్టంలా చుట్టుకుని ఉంటుంది కాబట్టి, గుడ్డను కుచ్చులుగా జరుపుకుంటూ పోవాలి. ఫ్యాక్టరీలకు దీనికోసం చెయ్యిలా చాచిన ప్రత్యేక మిషన్లున్నాయి. చంక దగ్గర రెండు కుట్లు ఒకదాన్నొకటి దాటే చోట పొరలు గుట్టపడతాయి. అక్కడ చిన్న సుత్తితో తట్టి, చక్రం చేత్తో తిప్పుతూ 14 నంబరు సూదితో దాటించాలి. కత్తెర పెట్టే ముందు ఏ అంచు కోయాలో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోవడం మంచిది. తప్పు అంచు కోస్తే ఒక చేతి మడత ముందుకీ రెండోది వెనక్కీ వాలుతుంది.

ఇదే కుట్టును ఆర్గంజాకు వేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. పల్చటి గుడ్డ మధ్యలో పావు అంగుళం పట్టీ అతికించినట్టు బిరుసుగా కనిపిస్తుంది. కొందరు డిజైనర్లు కావాలనే అలా వేయిస్తారనుకోండి, అది వేరే సంగతి.

మన టైలర్లు ఈ రెండింటినీ ఎక్కువగా వాడకపోవడానికి కారణం ఒక్క శ్రమే కాదు. జాకెట్టు ఇచ్చేటప్పుడు, పిల్లల గౌను ఇచ్చేటప్పుడు, "లోపల కాస్త గుడ్డ వదలండి, తర్వాత లూజు చేయించుకుంటాం" అనేది మన దగ్గర మామూలు మాట. ఈ రెండు కుట్లలోనూ అంచులు కోసి మడతలో మూసేస్తారు, విప్పినా మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి జాకెట్టుకు ఓవర్‌లాకే న్యాయం. షిఫాన్ టాప్‌కు ఫ్రెంచ్ సీమ్ అడిగేవాళ్లు ముందు చేతికుట్టుతో టాకా వేయించి ట్రయల్ చూసుకోవాలి. ఆ మొదటి అంచు కత్తిరించాక వదులు చేయమని అడిగితే టైలర్ దగ్గర గుడ్డే ఉండదు.