రసీదు తేదీ, ఖాతా తేదీ

నగదు పుస్తకం సరిపోయింది. బ్యాంకు లెక్క సరిపోయింది. ట్రయల్ బ్యాలెన్సూ సరిపోయింది. అయినా కొట్టుకు రావాల్సిన 40,000 రూపాయలు ఎక్కడా లేవు. పుస్తకాలు రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మోసం ఇది. దీని పేరు ల్యాపింగ్.

ఒక టోకు కొట్టులో వసూళ్లు తీసుకునేదీ, పార్టీల ఖాతాల్లో జమ రాసేదీ ఒకే క్యాషియర్ అనుకుందాం. జూన్ 4న మొదటి పార్టీ 40,000 నగదు ఇచ్చింది. అతను రసీదు ఇచ్చాడు కానీ డబ్బు జేబులో వేసుకున్నాడు, ఖాతాలో జమ రాయలేదు. 11న రెండో పార్టీ 50,000 కట్టింది. ఆ మొత్తాన్ని బ్యాంకులో వేసి, అందులో 40,000 మొదటి పార్టీ పేరన, మిగతా 10,000 రెండో పార్టీ పేరన రాశాడు. 19న మూడో పార్టీ 60,000కు చెక్కిస్తే 40,000 రెండో పార్టీకి, 20,000 మూడో పార్టీకి పోయాయి. 27న నాలుగో పార్టీ కట్టిన 70,000లోంచి మళ్లీ 40,000 మూడో పార్టీకి చేరాయి. నెలాఖరుకు బ్యాంకులో పడింది 1,80,000, ఖాతాల్లో జమ అయింది 1,80,000. గుంత మాత్రం పూడలేదు, మొదటి పార్టీ ఖాతా నుంచి నాలుగో పార్టీ ఖాతాలోకి జరిగింది.

అమెరికన్ నేరశాస్త్రవేత్త డోనాల్డ్ క్రెస్సీ నమ్మకద్రోహం చేసి జైలుకెళ్లిన వాళ్లతో మాట్లాడి 1953లో ‘అదర్ పీపుల్స్ మనీ’ అనే పుస్తకం తెచ్చాడు. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, పట్టుబడకుండా తీయగల అవకాశం, తప్పు కాదని తనకు తాను చెప్పుకునే సమాధానం, ఈ మూడూ కలిసిన చోట మోసం పుడుతుందన్నాడు. దీనికి మోస త్రికోణమన్న పేరు తర్వాత స్థిరపడింది. మన క్యాషియర్ విషయంలో ఇబ్బంది ఇంట్లో కూడా తెలియని అప్పు కావచ్చు. సమాధానం మాత్రం చాలామంది చెప్పుకునేదే: ‘దొంగతనం కాదిది, చేబదులు. వచ్చే నెల వేసేస్తాను.’ ల్యాపింగ్ ఈ మాటకు సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే ప్రతి పార్టీ బాకీ చివరికి తీరినట్టే కనబడుతుంది.

మనసులోని ఈ రెండూ పుస్తకంలో కనబడవు. గుమాస్తాకు కనబడేది అవకాశం వదిలిన జాడ, అదీ అంకెల్లో కంటే తేదీల్లో. మొదటి పార్టీ రసీదు కార్బన్ కాపీ మీద జూన్ 4 ఉంది, ఖాతాలో జమ 11న పడింది. ఇంకా గట్టి జాడ 19 నాటి పే-ఇన్ స్లిప్. అందులో మూడో పార్టీ చెక్కు 60,000 అని ఉంది, ఆ రోజు ఆ పార్టీ ఖాతాలో జమ 20,000 మాత్రమే. బ్యాంకుకు వెళ్లిన మొత్తాన్ని చూసి తృప్తిపడితే ఇది దొరకదు. స్లిప్పులోని పేర్లను ఖాతాలోని పేర్లతో పోల్చాలి. బిల్లుకు బిల్లు పూర్తిగా తీర్చే పార్టీలు ఉన్నట్టుండి ముక్కలుగా కడుతున్నట్టు కనబడటమూ ఇలాంటిదే.

అయితే ఆలస్యమల్లా మోసం కాదు. ఊళ్లు తిరిగి వసూలు చేసే సేల్స్‌మన్ శనివారం ఒకేసారి డబ్బు అప్పజెప్తే, రసీదుకూ జమకూ నాలుగైదు రోజుల తేడా సహజం. ఆ తేడా అందరి ఖాతాల్లోనూ ఒకే తీరుగా, వారం వారం ఉంటుంది. ల్యాపింగ్‌లో ఆలస్యం ఈ పార్టీ నుంచి ఆ పార్టీకి పాకుతుంది. ఒక పార్టీ బాకీ తీరిన రోజే ఇంకొకరి బాకీ మిగులుతుంది. ఈ తేడా చూడకుండా మనిషి మీద నింద వేయడం అన్యాయం.

ల్యాపింగ్ చేసేవాడు సెలవు పెట్టలేడు. సీట్లో ఇంకొకరు కూర్చున్న రోజు ఏదో పార్టీ ఫోన్ చేసి ‘మేం కట్టేశాం కదండీ’ అంటుంది. జ్వరమొచ్చినా కౌంటర్ వదలని క్యాషియర్‌ను మెచ్చుకునే యజమానులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక మోయలేనంత పెరిగాక, లోటును సరుకు వాపసు పేరుతోనో డిస్కౌంటు పేరుతోనో క్రెడిట్ నోట్ రాసి మూసేస్తారు. అందుకే వాపసు అని రాసిన ప్రతి నోటుకూ గోడౌన్ రిజిస్టర్‌లో ఆ సరుకు తిరిగొచ్చిన ఎంట్రీ ఉందో లేదో చూడాలి.

అనుమానం వస్తే క్యాషియర్‌ను నిలదీయకూడదు, కాగితాలు మాయమవుతాయి. యజమానికి చెప్పి, ఆయన పేరుతో పార్టీలన్నిటికీ నెలాఖరు బాకీ ఎంతో తెలిపే ఉత్తరాలు పంపించాలి. వాటిని పోస్టు చేసేదీ జవాబు తీసుకునేదీ క్యాషియర్ కాకూడదు. మన కొట్టు లెక్కలో జూన్ 30న నాలుగో పార్టీ పేరన 40,000 బాకీ ఉంది. ఆ పార్టీ నుంచి వచ్చే జవాబులో, 27న పూర్తిగా కట్టిన 70,000 రసీదు నకలు జతచేసి ఉంటుంది.