ఆలోచన నుంచి ఒక్క వాక్యానికి

"తప్పిపోయిన పాపకు ఒక రోబో తోడవుతుంది" అన్న వాక్యాన్ని పరిశీలించండి. ఇందులో పాత్రలున్నాయి, కథ లేదు. రోబో స్థానంలో కుక్కపిల్లను పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. అంటే రోబో ఇంకా కథలోకి రాలేదన్నమాట.

బ్రాడ్ బర్డ్ 1999లో తీసిన 'ది ఐరన్ జెయింట్'కు ఆధారమైన ఊహ చూడండి: తుపాకికి ఆత్మ ఉండి, అది తుపాకిగా ఉండనంటే? సంఘర్షణ ఆ యంత్రం స్వభావంలోనే ఉంది. మన రోబోకూ అటువంటిది కావాలి. దాన్ని రైల్వే స్టేషన్‌లో నేల తుడిచే రోబో అనుకుందాం. ఛార్జింగ్ పెట్టే చోటుకు మరీ దూరం వెళితే అది తిరిగి రాలేదు. ఇప్పుడు వాక్యం ఇలా మారుతుంది:

"రాత్రి స్టేషన్‌లో తప్పిపోయిన పాపను చివరి ప్లాట్‌ఫారం మీదున్న తల్లి దగ్గరకు చేర్చాలంటే, నేల తుడిచే రోబో తన తిరుగు ప్రయాణానికి కావలసిన ఛార్జింగ్ కూడా ఖర్చు చేయాలి."

ఇక్కడ కుక్కపిల్ల ఇమడదు. 'స్నేహం' అన్న మాట కూడా అవసరం లేదు. బ్యాటరీ గుర్తు తగ్గుతున్నా రోబో వెనుదిరగకపోతే ప్రేక్షకుడికి అది తెరమీదే అర్థమవుతుంది. అయితే ఒక లోపం మిగిలింది: పాప చేసే పనేమీ లేదు. తల్లి ఎక్కడుందో రోబోకు తెలియదని, ఆమె గొంతును గుర్తుపట్టగలిగేది పాప ఒక్కతేనని మార్చి, ఈ వాక్యాన్ని మీరు తిరిగి రాసి చూడండి.