లోపించిన విలువలు, లోపించిన వివరణ: క్యూరిస్క్ అధ్యయనం – ఒక పరిశీలన

వైద్య దత్తాంశంలో కొన్ని విలువలు నమోదు కాకపోవడం సహజం. అయితే ‘వాటిని మల్టిపుల్ ఇంప్యుటేషన్ ద్వారా పూరించడమైనది’ అన్న ఒక్క వాక్యంతో పరిశోధనా పద్ధతుల విభాగాన్ని ముగించడం సమర్థనీయం కాదు. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన క్యూరిస్క్ అధ్యయనం ఇందుకు నిదర్శనం.

బ్రిటన్‌లోని కుటుంబ వైద్యుల కంప్యూటర్ రికార్డుల ఆధారంగా, గుండె, రక్తనాళాల వ్యాధుల ముప్పును అంచనా వేసే మోడల్‌ను ఆ అధ్యయనం రూపొందించింది. మొత్తం కొలెస్టరాల్‌కు, హెచ్‌డీఎల్‌కు గల నిష్పత్తి సుమారు 70 శాతం మందికి నమోదు కాలేదు. ఆ విలువలను పూరించి ప్రచురించిన మోడల్‌లో ఈ నిష్పత్తికీ వ్యాధికీ సంబంధమే కనిపించలేదు. స్థిరపడిన వైద్య జ్ఞానానికి ఇది విరుద్ధం. నమోదైన విలువలున్న వారిని మాత్రమే విశ్లేషించినప్పుడు సంబంధం స్పష్టంగా కనిపించింది. పూరణ విధానాన్ని సవరించిన తరువాత కూడా అదే తేలింది. అంటే లోపం దత్తాంశంలో కాక పూరణలో ఉన్నదన్నమాట.

2009లో అదే పత్రికలో స్టెర్న్ ప్రభృతులు ఈ ఉదంతాన్ని ప్రస్తావిస్తూ, పూరణలో జరిగే పొరపాట్లను చర్చించారు. వ్యాధి ఫలితాన్ని పూరణ మోడల్‌లో చేర్చకపోవడం వాటిలో ముఖ్యమైనది. గుండెపోటు వచ్చిన ఒక వ్యక్తికి కొలెస్టరాల్ పరీక్ష జరగలేదనుకుందాం. వయస్సు, రక్తపోటు మాత్రమే చూసి విలువను పూరిస్తే, గుండెపోటు రాని సమవయస్కుల విలువల వంటిదే అతనికీ దక్కుతుంది. ఎక్కువ మంది విషయంలో ఇలా జరిగితే రెండు వర్గాల మధ్య నిజంగా ఉన్న భేదం చెరిగిపోతుంది. ఫలితాన్ని ముందుగానే వాడుకోవడం చక్రదోషం కాదా అన్న సందేహం కలగవచ్చు. పూరణ లక్ష్యం వ్యక్తి అసలు విలువను కనుగొనడం కాదు. చరాంశాల మధ్య సంబంధాలను చెడకుండా నిలపడం. కనుక ఇది దోషం కాదు.

పూర్తి వివరాలున్న వారికే పరిమితం కావడమూ నిరపాయం కాదు. ముప్పు ఉన్నదని వైద్యుడు అనుమానించిన వారికే పరీక్ష జరిగే అవకాశం ఎక్కువ. వారు అందరికీ ప్రతినిధులు కారు. పూరణ సైతం ఒక ఊహపై ఆధారపడుతుంది: నమోదైన ఇతర వివరాలను పరిగణించాక, విలువ లోపించడానికి ఆ విలువతో సంబంధం ఉండదని. దీనిని దత్తాంశంతోనే నిరూపించలేము.

కావున పద్ధతుల విభాగం ఐదు విషయాలను తెలపాలి: ఏ చరాంశంలో ఎంత శాతం లోపించింది, ఎందుకు లోపించి ఉండవచ్చు, ఫలితంతో సహా ఏయే చరాంశాలతో పూరించారు, ఎన్నిసార్లు పూరించారు, ఆ ఊహ తప్పయితే నిర్ధారణ ఎంత మారుతుంది. వీటికి తోడు పూర్తి వివరాలున్న వారి విశ్లేషణను పక్కనే చూపాలి. రెండింటి మధ్య భేదం పెద్దదైతే కారణం వెదకాలి. క్యూరిస్క్‌లో లోపాన్ని పట్టి ఇచ్చింది ఆ పోలికే.