సల్ఫేటుతో ఊపిరి తీసుకునే బాక్టీరియా

దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువు అడుగున పైపొర గీకితే కింద మట్టి నల్లగా కనిపిస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. దాన్ని వదిలే డీసల్ఫోవిబ్రియో వంటి బాక్టీరియా పనితనం చూడదగ్గది.

తిండిని విరిచే ప్రతి కణమూ అందులోంచి వచ్చే ఎలక్ట్రాన్లను ఎవరికో ఒకరికి అప్పగించాలి. పులియబెట్టే బాక్టీరియాకు బయటివాళ్లెవరూ అక్కర్లేదు. ఉదాహరణకు, ఒక రకం గ్లూకోజును విరిచి, ఆ ముక్కలకే ఎలక్ట్రాన్లు తిరిగిచ్చి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. శక్తిలో అధికభాగం ఆ ఆమ్లంలోనే మిగిలిపోతుంది కాబట్టి గ్లూకోజు అణువుకు దక్కేది 2 ఏటీపీలు. శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు కణత్వచంలోని ప్రోటీన్ల వరస గుండా బయటి గ్రహీతను చేరతాయి. ఆ దారిలో ప్రోటాన్లు బయటికి నెట్టబడి, తిరిగి లోపలికి వస్తూ ఏటీపీని తయారుచేయిస్తాయి. గ్రహీత ఆక్సిజనైతే రాబడి పది రెట్లకు మించవచ్చు.

బురదలో ఆక్సిజన్ కొన్ని మిల్లీమీటర్ల లోతులోనే అయిపోతుంది. ఆ కింద నైట్రేట్, మాంగనీస్, ఇనుము, చివరికి సల్ఫేట్ గ్రహీతలవుతాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, ఉప్పునీటి చెరువుకు కొరత లేదు. కాలువ నీటితో పండే గుడివాడ వరిచేలలో సల్ఫేట్ తక్కువ. అందుకే అక్కడ ఇనుము తర్వాత మీథేన్ చేసే సూక్ష్మజీవులదే పైచేయి.

సల్ఫేట్ మొండిది, నేరుగా ఎలక్ట్రాన్లను పుచ్చుకోదు. బాక్టీరియా ముందుగా దానికి ఏటీపీలోని ఒక భాగాన్ని తగిలించి కదిలిస్తుంది. పంట చేతికి రాకముందే కౌలు కట్టినట్టు, దీనికి 2 ఏటీపీల విలువ ఖర్చవుతుంది. తర్వాత 2 ఎలక్ట్రాన్లతో సల్ఫైట్, మరో 6 ఎలక్ట్రాన్లతో సల్ఫైడ్ తయారవుతాయి. కావలసిన ఆ 8 ఎలక్ట్రాన్లూ రెండు లాక్టేట్ అణువుల నుంచి వస్తాయి, వాటితోపాటు 2 ఏటీపీలు. అంటే వచ్చింది కౌలుకే సరి. అయినా బాక్టీరియా పెరుగుతోందంటే, లాభం కణత్వచం దగ్గరే పుట్టాలి. ఆక్సిజన్‌తో బతికే జీవులకే ఉంటుందనుకున్న సైటోక్రోమ్ దీనిలోనూ ఉందని 1954లో జాన్ పోస్ట్‌గేట్ చూపించారు. హైడ్రోజన్‌తో సల్ఫేటును మార్చేటప్పుడు ఏటీపీ పుడుతుందనడానికి 1960లో హ్యారీ పెక్ ఆధారం చూపారు. హైడ్రోజన్‌ను విరిచినంత మాత్రాన ఏటీపీ రాదు కనుక, అది శ్వాసేనని తేలింది.

ఈ బాక్టీరియా చెరువులో రొయ్యల మేత మిగులును నేరుగా తినలేదు. పులియబెట్టేవి దాన్ని లాక్టేట్, హైడ్రోజన్‌గా విరిచాకే దీని వంతు. పుట్టిన సల్ఫైడును మట్టిలోని ఇనుము పట్టుకున్నంతకాలం నలుపే కనిపిస్తుంది. ఇనుము చాలకపోతే విషవాయువు నీటిలో కలుస్తుంది, నీరు ఆమ్లమైనకొద్దీ రొయ్యకు ముప్పు ఎక్కువ. చెరువు ఎండగట్టి దున్నితే గాలి తగిలి నలుపు తుప్పు రంగుకు మారుతుంది. పార వేసి చూసినప్పుడు లోపల ఇంకా నలుపుంటే ఎండ చాలలేదు. కానీ ఆ గాలికి సల్ఫైడ్ మళ్లీ సల్ఫేటే అవుతుంది, కొత్త నీటితో ఇంకా వస్తుంది. కాబట్టి రైతు చేతిలో ముఖ్యంగా ఉన్నది మేత మిగలకుండా చూసుకోవడమే.