కొండ మీద గుండు ఎందుకు దొర్లదు

సమతాస్థితి పాఠం చెప్పేటప్పుడు మా దేవనకొండ పిల్లలు అడగక మానని ప్రశ్న ఒకటుంది. "సార్, శిఖరం మీది బంతి నిలవదన్నారు కదా, మరి ఆదోని కొండల్లో గుండు మీద గుండు ఎట్లా నిలబడింది?" నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. దీనికి జవాబు గిన్నెతో మొదలుపెడతాను.

లోపల గుండ్రంగా ఉండి, సుమారు 10 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గిన్నెలో 5 గ్రాముల గోళీ వేయండి. దాన్ని అడుగు నుంచి 2 సెంటీమీటర్లు పక్కకు జరిపితే దాదాపు 2 మిల్లీమీటర్లు పైకెక్కుతుంది. బరువు పైకి లేచిందంటే స్థితిశక్తి పెరిగినట్టే. ఇక్కడ పెరిగింది జౌలులో పదివేలవ వంతే అయినా, వదలగానే గోళీ వెనక్కి పోవడానికి అది చాలు. ఇది స్థిర సమతాస్థితి. అదే గిన్నెను బోర్లించి గోళీని నెత్తిన పెడితే, జరిపిన కొద్దీ శక్తి తగ్గుతుంది, గోళీ ఇక తిరిగి రాదు. ఇది అస్థిరం. సమతలమైన గాజు పలక మీద ఎటు జరిపినా శక్తి మారదు, గోళీ జరిపిన చోటే ఉంటుంది. ఇది తటస్థం. మూడింటిలోనూ గోళీ ఆగిన బిందువు దగ్గర వాలు సున్నాయే. తేడా అంతా ఆ బిందువుకు అటూ ఇటూ శక్తి ఎక్కుతోందా, దిగుతోందా అన్నదే.

ప్రయోగం చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. మన స్టీలు గిన్నెలకు అడుగు చదునుగా ఉంటుంది. బోర్లించినా గోళీ కదలకుండా కూర్చుంటుంది, పిల్లలకు పాఠం తప్పనిపిస్తుంది. నిజంగా గుండ్రటి అడుగున్న గిన్నె వెతకాలి.

కొండ మీది గుండు రహస్యమూ ఆ చదునులోనే ఉంది. దూరం నుంచి బంతిలా కనిపించినా అది ఒక్క బిందువు మీద ఆనుకోలేదు. లెక్క కోసం 5 టన్నుల గుండు అనుకుందాం. గరిమనాభి 1 మీటరు ఎత్తులో ఉంది, ఆనుకున్న చోటు 60 సెంటీమీటర్ల వెడల్పు. గుండును దొర్లించాలంటే ముందు ఒక అంచు మీదికి వంచాలి. అప్పుడు గరిమనాభి 4.4 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అందుకు సుమారు 2,150 జౌళ్లు కావాలి, అంటే 50 కిలోల బస్తాను 4.4 మీటర్ల ఎత్తుకు మోసినంత పని. దాదాపు 17 డిగ్రీలు వంగేదాకా గుండు వెనక్కే వస్తుంది, ఆ పైన మాత్రం ఆగదు. అంటే ఆ గుండు ఉన్నది శిఖరం మీద కాదు, శిఖరం మీదున్న ఒక చిన్న పల్లంలో.

అందుకే స్థిరం అన్నాక ఎంత స్థిరమని కూడా అడగాలంటాను. ఆ పల్లం లోతు ఆనుకున్న వెడల్పును బట్టి ఉంటుంది. ఎండకూ వానకూ అంచులు రాలి ఆ వెడల్పు 30 సెంటీమీటర్లకు తగ్గిందనుకోండి, గరిమనాభి లేవాల్సిన ఎత్తు 1.1 సెంటీమీటర్లే. వెడల్పు సగమైతే కాపాడే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గుండును భుజంతో నెట్టి చూసే కుర్రాళ్ల కంటే, దాని కింద కంకర కోసం రాయి కొట్టేవాళ్లను చూస్తేనే నాకు భయం.