జడ ఉంచాలా, తీసెయ్యాలా?

శాలిబండలో ఒక పెళ్లి వంటశాల. షామియానా కింద కట్టెల పొయ్యిలు ఇంకా అంటుకోలేదు. మలక్‌పేట మార్కెట్ నుంచి వచ్చిన ఉల్లిగడ్డల బస్తా విప్పి ఒక పక్క కుమ్మరించారు. పెళ్లివారు మా కుటుంబానికి పాత స్నేహితులు. నాతో పాటు మా అన్నయ్య కూతురు కూడా వచ్చింది, హోటల్ మేనేజ్‌మెంట్ మొదటి సంవత్సరం చదువుతోంది. వంట చూద్దామని వచ్చిన పిల్ల చేతులు ఊరికే ఉంచుకోలేక కత్తి అందుకుంది. ఎదురుగా చెక్క పలక ముందు కూర్చున్న పెద్దాయన నలభై ఏళ్లుగా బిరియానీ వండుతున్నాడట. ఇద్దరి ముందూ ఉన్నది అదే బస్తాలోని ఉల్లిగడ్డలే. కోసిన తీరు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

పిల్ల గడ్డ పైకొన కోసేసి, అడుగున వేళ్లున్న కొనను అలాగే ఉంచి, నిలువునా రెండు చెక్కలు చేసింది. పెద్దాయన చూసి నవ్వి, "బేటా, జడ్ నికాలో" అన్నాడు. ఉర్దూలో జడ్ అంటే వేరు. మన జడ వేరే. కానీ ఆ క్షణంలో రెండు మాటలూ ఒకటే అనిపించాయి నాకు. ఉల్లిగడ్డలో పొరలన్నీ కలిసేది ఆ వేరు దగ్గరే, జడ కొసన రిబ్బను కట్టినట్టు. అది ఉన్నంతసేపు పొరలు విడిపోవు. అది తీశాక ఏ పొరకాపొర జారిపోతుంది. ఆ రోజు ఇద్దరి పద్ధతికీ మధ్య ఉన్న అసలు తేడా అదే. కత్తి పట్టు, వేగం, చదువు అన్నీ ఆ తర్వాతివి.

పిల్ల కోస్తున్నది చిన్న ముక్కలు, కచుంబర్ కోసం. అర చెక్కను చదునైన ముఖం కిందికి పెట్టి, వేరు ఎడమ పక్కకు వచ్చేలా తిప్పింది. వేరు దాకా పోకుండా వేలెడు దూరంలో ఆగిపోతూ నిలువు గాట్లు పెట్టింది. తర్వాత వాటికి అడ్డంగా కోసుకుంటూ పోతే ముక్కలు రాలాయి. వేరు పట్టి ఉంచినందుకే చెక్క చివరిదాకా చెదరలేదు. చివర మిగిలిన బొడిపెను పక్కన పడేసింది. చిన్న ముక్కకు వేరు ఉండాల్సిందే. ముందే తీసేస్తే రెండో గాటుకే పొరలు జారి, వాటిని వేళ్లతో అదిమి పట్టుకోవలసి వస్తుంది. కొత్తవాళ్ల వేళ్లు తెగేది చాలాసార్లు అక్కడే.

పెద్దాయన కోస్తున్నది బిరిస్తా కోసం. బిరియానీ పొరల మధ్య, హలీం గిన్నె మీద చల్లే ఎర్రగా వేగిన ఉల్లిపోచలవి. ఆయన రెండు కొనలూ తీసేసి, గడ్డను చెక్కలు చేసి, ప్రతి చెక్కలోనూ అడుగున మిగిలిన తెల్లటి బొడిపెను రెండు ఏటవాలు గాట్లతో తవ్వి తీశాడు. తర్వాత కొన నుంచి కొనకు, గడ్డ నారబాటునే, రెండు మిల్లీమీటర్లు మించని మందాన చీరాడు. పోచలు పలక మీద పడుతూనే విడిపోయాయి.

ఈ తేడా ఎంతటిదో ఇంటికొచ్చాక కడాయిలో చూశాను. ఒక గడ్డను వేరు తీసి, ఇంకొక గడ్డను వేరు ఉంచి, రెంటినీ ఒకే మందాన చీరి, ఒకే నూనెలో వేరువేరుగా వేయించాను. వేరు తీసిన పోచలు ఒక్క తీరుగా రంగు తిరిగాయి. వేరు ఉంచినవి విసనకర్రలా అంటుకునే ఉండిపోయాయి. విడిగా ఉన్న కొసలు నల్లబడి చేదెక్కే వేళకు, అంటుకున్న మొదళ్లు ఇంకా తెల్లగా, నీరు పట్టే ఉన్నాయి. అందులో కొన్ని పోచలు బాగా వేగినా లాభం లేదు, మాడిన నాలుగింటి చేదు గిన్నెంతా పట్టేస్తుంది. మంట తగ్గించి దిద్దుకుందామంటే కుదరదు, తప్పు జరిగింది పొయ్యి మీద కాదు, పలక మీద. మందం ఒకేలా లేకపోయినా ఇదే గతి. కోసిన పోచల్లో నాలుగు తీసి వెలుతురుకెత్తి చూస్తే, ఎక్కడ వెలుగు దూరుతోందో ఎక్కడ దూరడం లేదో తెలిసిపోతుంది. ఇంకొక సంగతి, బిరిస్తాను కావలసిన రంగు రాకముందే, ఒక ఛాయ తక్కువగా ఉండగానే తీసెయ్యాలి. నూనెలోంచి తీశాక కూడా లోపలి వేడికి అది ఎర్రబడుతూనే ఉంటుంది.

ఇంతవరకు ఇద్దరిదీ ఒప్పే. ఎవరి కోత వారి వంటకు తగినది. పేచీ పెట్టుకోవలసినవి మిగతా విషయాలు.

ముందు పెద్దాయన ఎడమ చెయ్యి. నేను చూసిందంతా చూసినట్టే చెబుతాను. ఆయన వేళ్లు గడ్డ మీద బారుగా చాచి ఉన్నాయి. కత్తి వేగంగా ఆడుతూ వాటి దాకా వచ్చి, వెంట్రుక దూరంలో ఆగుతోంది. నలభై ఏళ్ల అలవాటు అది. అయినా చూపుడువేలి గోటి పక్కన పాత గాటు మచ్చ ఉంది, అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ చెయ్యిని చూసి నేర్చుకోవద్దు. మా పిల్ల చెయ్యి మాత్రం పుస్తకంలో బొమ్మలా ఉంది. నాలుగు వేళ్ల కొసలనూ లోపలికి ముడిచి, గోళ్లు గడ్డ మీద ఆనేలా, పిల్లి పంజా పెట్టినట్టు పెట్టింది. బొటనవేలు ఆ పంజా వెనక దాక్కుంది. కత్తి పక్కతలం నడిమివేలి కణుపుకు ఆనుకుని కిందా మీదా ఆడుతోంది. అంటే కత్తికి దారి చూపిస్తున్నది కణుపు. ఆ కణుపు ఎంత వెనక్కి జరిగితే ముక్క మందం అంత. ఇందులో రెండు లాభాలున్నాయి. వేలి కొస కత్తికి అందదు, ముక్క మందం కంటితో కాకుండా చేత్తో కొలిచినట్టు వస్తుంది. ఒక్కటే షరతు, కత్తి అంచును కణుపు కన్నా పైకి ఎత్తకూడదు. ఎత్తితే పంజా పెట్టీ పెట్టనట్టే. బొటనవేలు తనకు తెలియకుండానే బయటికి జారుతుంది, కొత్తల్లో ప్రతి నాలుగు గాట్లకొకసారి ఆగి అదెక్కడుందో చూసుకోవాలి.

కుడి చేతి విషయంలో ఇద్దరూ ఒకటే. ఇది నన్ను ఆశ్చర్యపరిచింది. పెద్దాయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు, కానీ ఆయన కూడా పిడిని గుప్పిట పట్టలేదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి, పిడికి ముందు కత్తి రేకునే చిటికె పట్టినట్టు పట్టి, మిగతా మూడు వేళ్లను పిడి చుట్టూ వేశాడు. పిల్లకు బడిలో నేర్పిందీ అదే. ఇలా పడితే కత్తి పక్కకు ఒరగదు. కొత్తవాళ్లు చూపుడువేలిని కత్తి వీపు మీద చాపుతారు. చూడడానికి బలంగా ఉంటుంది గానీ, గడ్డ జారినప్పుడు కత్తి ఇటూ అటూ తిరగకుండా ఆపలేదు.

ఇప్పుడు పిల్ల చదువులో నాకు నచ్చని ముచ్చట. నిలువు గాట్లకు ముందు ఆమె కత్తిని పడుకోబెట్టి, పలకకు సమాంతరంగా, చెక్కలోకి రెండు మూడు అడ్డగాట్లు పెట్టింది. చాలా పుస్తకాల్లో ఇలాగే ఉంటుంది. చిన్న ముక్కకు ఇది తప్పనిసరి అంటారు. నేను ఒప్పుకోను. ఉల్లిగడ్డను ప్రకృతే పొరలుగా కోసి పెట్టింది. చెక్క నడుమ పొరలు పడుకుని ఉంటాయి కాబట్టి అక్కడ నిలువు గాట్లే చాలు. రెండు అంచుల దగ్గర మాత్రం పొరలు నిలబడి ఉంటాయి, నిలువు గాటు వాటికి సమాంతరంగా పోతుంది, అందుకే అక్కడ ముక్కలు పొడుగ్గా మిగులుతాయి. అడ్డగాటు అసలు పని అంత మాత్రమే. ఆ కాస్త పని కోసం, పై నుంచి గడ్డను అదిమిన అరచేయి కిందుగా కత్తి వాదరను పోనివ్వడం కొత్తవాళ్లకు చెప్పదగిన మాట కాదు. గట్టి గడ్డలో కత్తి ఒకసారి ఆగి, మరు తోపుకు ఒక్కసారిగా దూసుకుపోతుంది.

దానికి బదులు అంచుల దగ్గర గాట్లను లోపలికి వాలేలా, ఏటవాలుగా పెడితే చాలు. అన్ని గాట్లూ చెక్క నట్టనడి బిందువు వైపు వాలిస్తే లోపలి ముక్కలు సూదుల్లా సన్నబడిపోతాయి. పలకకు కాస్త దిగువన, కంటికి కనిపించని ఒక బిందువును ఊహించుకుని దాని వైపు వాల్చాలి. ముక్కలు దాదాపు సమానంగా వస్తాయి. పిల్లకు చెప్పి చూశాను. "మా చెఫ్ ఒప్పుకోరు బాబాయ్" అంది. పరీక్షలో ఆయన మాటే వినమన్నాను, ఇంట్లో నా మాట.

ఇక జూలియన్. ఫ్రెంచి వంటవాళ్ల మాట అది, అగ్గిపుల్లల్లాంటి కోత. మందం మూడు మిల్లీమీటర్లు, వెడల్పూ అంతే, పొడవు ఐదు సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఉల్లిగడ్డను జూలియన్ కోశామని చాలామంది అంటారు. నిజానికి వంపు తిరిగిన పొరల్లోంచి నలుపలకల పుల్ల రాదు, వచ్చేది చీలిక. అసలు జూలియన్ క్యారెట్‌దే. క్యారెట్ దొర్లుతుంది, కొత్తవాళ్లు దాన్ని వేళ్లతో బిగించి గెలుద్దామనుకుంటారు. ముందు ఐదు సెంటీమీటర్ల ముక్క కోసి, దాని ఒక పక్కన సన్నగా ఒక చెక్కు తీసెయ్యాలి. చదునైన ఆ ముఖం మీద కూర్చోబెట్టాక ఇక దొర్లదు. అప్పుడు రేకులుగా కోసి, రెండు మూడు రేకులు దొంతర పెట్టి, మళ్లీ పుల్లలుగా కోయాలి. దొంతర ఎక్కువైతే పై రేకు జారుతుంది, పంజా జారుతుంది. పెద్దాయన అల్లాన్ని సరిగ్గా ఇలాగే కోశాడు, పేరు తెలియకుండానే. ఒక్క తేడా ఉంది. అల్లం పీచు పొడుగునా పోతుంది. పీచుబాటున కోస్తే పుల్లలు పొడుగ్గా, అందంగా వస్తాయి గానీ పళ్లలో ఇరుక్కుంటాయి. ఆయన ముందు పీచుకు అడ్డంగా బిళ్లలు చేసి, తర్వాత పుల్లలు చేశాడు. పొట్టిగా ఉన్నాయి, తినడానికి హాయిగా ఉన్నాయి. కొలబద్ద పెట్టి చూస్తే పిల్లకు మార్కులు ఎక్కువ, నోట్లో పెట్టి చూస్తే పెద్దాయనకు.

మన ఇళ్లలోని కత్తిపీట మాట కూడా ఒకటి. అక్కడ కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది. కాలితో పీట అదిమి, రెండు చేతులతో గడ్డను వాదర మీదికి తోస్తారు. కాబట్టి పంజా పట్టు అక్కడ పనికిరాదు. ప్రమాదం బొటనవేళ్లకు, అదీ చివరి ముక్క దగ్గర. మా అమ్మ చివరి ముక్కను ఎప్పుడూ కోసేది కాదు, అలాగే పప్పులో వేసేది. పిసినారితనం అనుకునేవాణ్ణి.

కన్నీళ్ల సంగతి చెప్పకుండా వదలలేను. ఉల్లి కణాలు చితికినప్పుడు విడిగా ఉన్న పదార్థాలు కలిసి, కళ్లు మండించే వాయువు పుడుతుంది. దాన్ని పుట్టించే ఎంజైమును జపాన్ పరిశోధకులు 2002లో గుర్తించారు. మొద్దు కత్తి కోయదు, చితకగొడుతుంది, అందుకే ఎక్కువ ఏడిపిస్తుంది. వేళ్లు తెగేదీ మొద్దు కత్తితోనే ఎక్కువ, బలం పెట్టి అదమాలి కనుక. కళ్లు మసకబారితే కోత ఆపి, కత్తి పక్కన పెట్టి, ముఖం కడుక్కుని రండి. పలక కింద తడిబట్ట పరచండి, కదలదు. కత్తి జారి పడుతుంటే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీయండి. సబ్బు నీళ్ల తొట్టిలో కత్తి వదలొద్దు, కనబడదు. వేలు తెగితే పారే నీళ్ల కింద కడిగి, శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పది నిమిషాలకూ నెత్తురు ఆగకపోయినా, గాటు నోరు తెరుచుకున్నా, వేలు తిమ్మిరెక్కినా కుట్లు పడవచ్చు, ఆసుపత్రికి వెళ్లండి. పసుపు అద్దే పని పెట్టుకోకండి.

పెద్దాయన పోచలు ఆ సాయంత్రం నూనె కడాయిలోకి పోయాయి, పిల్ల ముక్కలు నిమ్మరసం పిండిన కచుంబర్‌లోకి. లెక్కకు వస్తే ఆయన బస్తాలో సగం కోశాడు, ఆమె రెండు కిలోలు. ఆమె వేళ్లు పదీ బాగున్నాయి.